జవాబు అక్కర్లేదు

ఆ ఎండాకాలం నాతో మామూలుగా మాట్లాడేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు మా ఆయన, ఇంకొకరు ప్లాంటు గేటు దగ్గరి వాచ్‌మన్. వాచ్‌మన్‌కి చెవుడు, అందుకని నా మీద వచ్చిన ఫిర్యాదు సంగతి ఆయన దాకా ఇంకా చేరలేదు.

నేను ఊరికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో కెమిస్టుని. పటిక ఎంత పడాలో, క్లోరిన్ ఎంత కలపాలో ల్యాబ్‌లో తేల్చి చెప్పడం నా పని. అలా తేరిన నీళ్లని గొట్టాల్లోకి తోసేది పంపుహౌసు. దాని సూపర్వైజరుని అందరూ ముల్లు అంటారు. ప్రెషర్ గేజీలో ముల్లు ఊగినట్టు ఊగుతాడు. ఆయన కోపం ఎర్ర గీత దాటడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు.

రిజర్వాయరు అడుగంటిపోయి, నీళ్లు రోజు విడిచి రోజు వదులుతున్న రోజుల్లో పల్లపు వీధుల్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. జనం వచ్చి గేటు పట్టుకుని ఊపారు. ముల్లు ఇంజినీరు టేబుల్ మీద కాయితం పెట్టాడు. క్లోరిన్ కలపకుండానే నీళ్లు వదిలారని, కెమిస్టు పరీక్షలు చేయకుండా కుర్చీలో కూర్చుని రిజిస్టరు నింపిందని అందులో రాశాడు. నాకు మెమో ఇచ్చారు. విచారణ జరుగుతుందన్నారు. తప్పు నాదేనని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు మేముంటున్న ప్లాంటు క్వార్టర్సూ పోతాయి.

మెమో చేతికొచ్చిన పూటే నేను పంపుహౌసుకి వెళ్లాను.

"నేను పరీక్ష చేయలేదని మీకెవరు చెప్పారు?"

"చెప్పడమెందుకు? వీధుల్లో జనం వాంతులు చేసుకుంటున్నారుగా."

"గొట్టం ఎక్కడో పగిలి మురుగు కలిసి ఉండొచ్చుగా!"

"ఓహో! నీ తప్పు కప్పుకోడానికి ఊరంతా తవ్వించమంటావా తల్లీ?"

"మీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా?"

"వస్తుంది. నువ్వు ఇక్కణ్ణించి వెళ్లిపోయిన రోజు వస్తుంది."

మోటార్ల హోరులో మా కేకలు నీళ్లు వడకట్టే ఫిల్టరు బెడ్ల దగ్గరున్న వాళ్లకి కూడా వినిపించాయట. ఆ మర్నాటి నుంచి నేను వెళ్తే టీ స్టాండు దగ్గర కబుర్లు ఆగిపోయేవి.

ఇంటికి వచ్చినా అంతే. మా అత్తయ్య నాతో నేరుగా మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. మామయ్య పోయినప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య తపాలా మోసేది మా ఆయనే. నేను పక్కనే నిలబడి ఉన్నా ఆవిడ "ఒరే, ఉప్పు ఎక్కువైందని చెప్పు" అనేది. నేను "రేపు తగ్గిస్తానని చెప్పండి" అనేదాన్ని. పాపం ఆయన బస్సుల వర్క్‌షాపులో రోజంతా ఇంజన్ల కింద పడుకుని వచ్చి, మళ్లీ మా ఇద్దరి మధ్య నలిగేవాడు. ఇంట్లో లేని మాటల లోటంతా అత్తయ్య కుట్టుమిషను తీర్చేది. పొద్దస్తమానం దాని చప్పుడే.

ఇప్పుడు పెద్దాయన సంగతి చెప్పాలి.

పెద్దాయనంటే ముల్లు వాళ్ల నాన్న. ఎండలు ముదిరి నీళ్లకి కొంచెం నాచు వాసన పట్టగానే ఆయన ల్యాబ్‌కి వచ్చేవాడు. ప్రతి ఏడూ అంతే. ఇంటి కొళాయి నీళ్లు గాజు సీసాలో పట్టుకుని, ఇంకో సీసాతో కలవకుండా మెడకి ఎర్ర దారం చుట్టి తెచ్చేవాడు. నా బల్ల మీద ఠపీమని పెట్టేవాడు.

"దీన్ని నువ్వు తాగుతావా?"

నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. కొడుక్కి ఆ నోరు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. నేను ఆ నీళ్లని పరీక్ష గొట్టంలో పోసి మందు చుక్కలు వేసేదాన్ని. క్లోరిన్ ఉంటే నీళ్లు లేత పసుపుకి తిరుగుతాయి. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "సరే, తాగు" అనేవాడు. నేను సీసాలోవి గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగాకే ఆయన తాగేవాడు. మనిషిని చూస్తే ఒళ్లు మండేది. అయినా ఎండలు మొదలైతే ఆయన కోసం ఎదురుచూసేదాన్ని. నా పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషి ప్లాంటులో ఇంకొకరు లేరు.

ఈ ఏడూ వచ్చాడు. పల్లపు వీధుల్లో గోల మొదలైన వారమే వచ్చాడు. చుక్కలు వేశాను, పసుపు తిరిగింది. నేను తాగాను, ఆయన తాగాడు. వెళ్లబోతూ ఎప్పటిలాగే కిటికీ దగ్గర ఆగాడు. అక్కణ్ణించి చూస్తే పంపుహౌసు కనిపిస్తుంది.

"మావాడు మోటారు వేసే ముందు ఏం చేస్తాడో ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

"అందరి మీదా అరుస్తాడు."

"అది కాదు. అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి మోటారు మీద పెడతాడు. వేడెక్కిందేమోనని. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నేను అట్లాగే చూసేవాణ్ని. వాడికి గుర్తుందో లేదో గానీ చెయ్యి మాత్రం మర్చిపోలేదు." అక్కడే ఆగి, వెంటనే గొంతు మార్చాడు. "నేను ఇక్కడికి వస్తున్నానని వాడికి చెప్పకు. వాళ్ల ప్లాంటు నీళ్లనే పరీక్షకి తెచ్చానని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు."

ఆ తర్వాతే మెమో వచ్చింది. బయటివాళ్ల సీసాలు రిజిస్టరులో ఎక్కించకూడదు కాబట్టి ఆ పరీక్షకి ఎక్కడా రుజువు లేదు. కానీ వాళ్ల ఇల్లు పల్లపు లైనుకి చిట్టచివర ఉంది. చివరి ఇంటి కొళాయి దాకా క్లోరిన్ చేరిందంటే ప్లాంటులో సరిగ్గానే కలిపినట్టు. ఆ మాట పెద్దాయన ఒక్కడు చెబితే చాలు, నా మీద మచ్చ పోతుంది. ఆయన్ని వెళ్లి అడగాలనుకున్నాను. ఎట్లా అడగాలి, కొడుక్కి ఎదురుగా సాక్ష్యం చెప్పమని ఏ మొహంతో అడగాలి అని మల్లగుల్లాలు పడుతూ ఉండగానే ఆయన పోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

వార్త ఫోన్‌లో ప్లాంటు గ్రూపులో వచ్చింది. క్షణాల్లో అందరూ మొదలుపెట్టారు. "వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని కోరుకుంటున్నాను." పైవాడు రాసిందే కిందివాడు, చేతులు జోడించిన బొమ్మతో సహా. ఒకాయన తొందరలో పుట్టినరోజు కేకు బొమ్మ కూడా పెట్టి తర్వాత తీసేశాడు. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ప్లాంటులో ఎవరికీ చెప్పుకోలేను. శత్రువు తండ్రి పోతే ఏడ్చిందంటే నాటకమనేవాళ్లే ఎక్కువ.

గ్రూపులో కాకుండా నేరుగా ముల్లుకే రాద్దామని సెలవు రోజు మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. రాసింది మా ఆయనకి చదివి వినిపించాను.

"నమస్తే. మీ నాన్నగారు పోయారని తెలిసి బాధపడ్డాను. మన మధ్య ఎన్ని గొడవలున్నా ఇలాంటి సమయంలో అవి గుర్తుపెట్టుకోకూడదు. మీ బాధ నాకు తెలుసు, మా నాన్న పోయినప్పుడు నేనూ చాలాకాలం కోలుకోలేదు. పెద్ద వయసు కదా, మంచాన పడకుండా పోయారు, అది అదృష్టమే. ధైర్యంగా ఉండండి. ఏ అవసరమున్నా అడగండి. ఇంకో మాట. వీధుల్లో గోల మొదలైన వారం మీ నాన్నగారు నీళ్లు తెచ్చి నాతో పరీక్ష చేయించారు. క్లోరిన్ సరిగ్గా ఉంది. ఆయన బతికి ఉంటే ఆ నిజం ఆయనే చెప్పేవారు."

"బాగుంది," అన్నాడు మా ఆయన. "ముఖ్యంగా ఆఖరిది. పంపెయ్."

పక్క గదిలో కుట్టుమిషను ఆగింది.

"ఒరే, అది పంపితే ఆ మనిషి ఫోను గోడకేసి కొడతాడని చెప్పు," అంది అత్తయ్య.

మా ఆయన నా వైపు తిరిగి నోరు తెరవబోయాడు. "నాకు వినపడింది," అన్నాను. "ఏం తప్పుందట అందులో?"

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. కళ్లజోడు ముక్కు మీద ఉంది, వేళ్ల మధ్య కుట్లు విప్పే సూది ఉంది. తపాలా మోసే కొడుకుని పక్కకి నెట్టి, ఎన్నాళ్లకో నా మొహంలోకి చూసింది.

"'పెద్ద వయసు, మంచాన పడకుండా పోయారు, అదృష్టం.' ఈ మాట నేను ఇదివరకు విన్నాను. మీ మామయ్యని తీసుకెళ్లిన పూట, ఇదే గదిలో, నువ్వే అన్నావు."

"మిమ్మల్ని ఓదారుద్దామనే అన్నాను!"

"ఓదార్పా అది? నా మొగుడు పోతే నన్ను సంతోషించమన్నావు. ఆయన అట్లా మంచాన పడి ఇంకో పదేళ్లున్నా చేసుకునేదాన్ని. అదృష్టమట అదృష్టం!"

"అయితే అప్పుడే అనొచ్చుగా. ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని కూర్చోకపోతే!"

"అనే ఓపిక ఉందా అప్పుడు నాకు?"

మా ఆయన మధ్యలో "అమ్మా" అన్నాడు, "ఏమేవ్" అన్నాడు. మేమిద్దరం ఒకేసారి "మీరుండండి", "నువ్వుండరా" అన్నాం. ఆయన ఉన్నాడు.

అత్తయ్య కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఫోను తన వైపుకి తిప్పుకుంది. ఆవిడ కుట్టిన బట్ట ఎవరిదైనా సరిపోకపోతే కూర్చుని విప్పేది, కోపం కోపమే, చెయ్యి మాత్రం తొందరపడేది కాదు. ఇప్పుడూ అంతే.

"ఆ అదృష్టం తీసెయ్. 'మీ బాధ నాకు తెలుసు' తీసెయ్. నీకేం తెలుసు? వాళ్లింట్లో వాళ్లు ఎట్లా ఉన్నారో నువ్వు చూశావా? మీ నాన్న సంగతి కూడా వద్దు. వాళ్ల దుఃఖం దగ్గరికి వెళ్లి మన దుఃఖం విప్పి పెడితే, వాళ్లు మనల్ని ఓదార్చాలి."

తీసేశాను. కోపంతోనే.

"గొడవల సంగతి ఎందుకు రాశావు?"

"మా మధ్య గొడవ ఉందిగా. లేనట్టు నటించనా?"

"నటించకు. ఊరుకో. గుర్తుపెట్టుకోకూడదు అని రాస్తే గుర్తు చేసినట్టు కాదూ? పైగా నేను పెద్దమనసు చేసుకున్నాను చూడు అని చెప్పుకున్నట్టుంది."

అదీ పోయింది. 'ధైర్యంగా ఉండండి' కూడా పోయింది. ధైర్యం ఉండి కూర్చున్నవాడికి చెప్పక్కర్లేదట, లేనివాడికి చెబితే వచ్చేది కాదట. 'ఏ అవసరమున్నా అడగండి' దగ్గర మాత్రం ఆవిడ ఆగింది.

"అడగండి అంటే ఎవరూ అడగరు. ఏం చేస్తావో నువ్వే చెప్పాలి. నేను మంచం దిగని రోజుల్లో ఎదురింటావిడ అడక్కుండా వచ్చి అంట్లు తోమి పోయేది. అట్లాంటిదేదైనా రాయి. ఆయన సెలవు అయ్యేదాకా పంపుహౌసు రీడింగులు నువ్వు చూసుకుంటానని రాయి."

"నేనా? నేను ఆయన రీడింగులు ముట్టుకుంటే దొంగ లెక్కలు రాసిందని ఇంకో కాయితం పెడతాడు."

అత్తయ్య ఆలోచించింది. "నిజమే. పడనివాళ్లు సాయం చేస్తామంటే అది ఇంకో బరువు. అయితే అసలు వద్దు."

ఆవిడ నాతో నిజమే అనడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. నా మాటే నాకు కొత్తగా వినిపించింది.

"ఇంక ఏం మిగిలింది?" అన్నాను. "'మీ నాన్నగారు పోయారని తెలిసి బాధపడ్డాను.' ఈ మాత్రం దానికి గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెడితే పోయేది."

అత్తయ్య చాలాసేపు సూది కొనతో బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది.

"మీ మామయ్య పోయినప్పుడు ఎంతమంది ఎన్నో చెప్పారు. ఒక్కటీ గుర్తులేదు. సైకిలు షాపువాడు ఒకడు చెప్పింది మాత్రం గుర్తుంది. 'పంక్చరు వేసేంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని పాట పాడేవారండీ, మంచి గొంతు' అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా ముందు ఒక్కసారి పాడలేదు. పాడతాడనే తెలీదు నాకు. ఆ రోజు బాగా ఏడ్చాను. కానీ ఆ ఏడుపు వేరు. ఆయన ఇంకొంచెం దొరికినట్టనిపించింది." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ పెద్దాయన నీ దగ్గరికి వచ్చేవాడన్నావుగా. వాళ్లబ్బాయికి తెలియనిది నీకేం తెలుసో, అది రాయి."

రాశాను. ఈసారి అత్తయ్య చెప్పలేదు, నేనే రాశాను. సీసా గురించి రాశాను, ఎర్ర దారం గురించి, కిటికీ గురించి, జ్వరం గురించి రాశాను. పూర్తయ్యాక చదివాను.

"ఆఖరి వాక్యం ఏది?" అన్నాడు మా ఆయన.

"ఇంకా పెట్టలేదు."

"పెట్టు. సీసా సంగతి ఎట్లాగూ రాశావు. ఈ ఏడు కూడా తెచ్చారు, క్లోరిన్ సరిగ్గా ఉంది అని చేర్చు. ఒక్క వాక్యం. అబద్ధం కాదుగా?"

"అబద్ధం కాదు."

"మరేంటి? ఉద్యోగం పోతే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మ మిషను ఎక్కడ పెడతావు, రోడ్డు మీదా?"

"నా మిషను సంగతి నీకెందుకురా," అంది అత్తయ్య. "ఆ ఒక్కటీ పెడితే పైన రాసిందంతా దాని కోసమే రాసినట్టవుతుంది. జ్వరం మాట కూడా ఈ పిల్ల అల్లిందే అనుకుంటాడు."

"అనుకోనీ! ఆ మనిషి మనకేం మేలు చేశాడని? చచ్చినాయన ఎట్లాగూ తిరిగిరాడు, బతికున్నవాళ్లం మనం ఏమవ్వాలి?"

ఆయన భయం నాకు తెలుసు. నాదీ అదే భయం. మెమో వచ్చినప్పటి నుంచి నిద్రలో కూడా సామాన్లు సర్దుతూనే ఉన్నాను. ఆ వాక్యం రాశాను. చదువుకున్నాను. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి గొట్టాన్ని వెలుగులో పెట్టి చూడటం గుర్తొచ్చింది. వాక్యం చెరిపేసి పంపేశాను.

మా ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. తలుపు గట్టిగానే వేశాడు.

నేను పంపింది ఇది.

"మీ నాన్నగారు పోయారని విన్నాను. చాలా బాధగా ఉంది. మీకు తెలియదేమో, ప్రతి ఎండాకాలం ఆయన మీ ఇంటి కొళాయి నీళ్లు సీసాలో తెచ్చి నాతో పరీక్ష చేయించేవారు. సీసా మెడకి ఎర్ర దారం ఉండేది. ముందు నాతో ఒక గుక్క తాగించి తర్వాత తాను తాగేవారు. నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు. వెళ్లే ముందు మా కిటికీలోంచి మిమ్మల్ని చూసేవారు. మోటారు వేసే ముందు మీరు చెయ్యి వెనక్కి తిప్పి దాని మీద పెడతారు కదా. 'చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నేను అట్లాగే చూసేవాణ్ని, వాడి చెయ్యి మర్చిపోలేదు' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. ఇప్పుడు ఇది నా దగ్గరే ఉంచుకోవడం న్యాయం కాదనిపించింది. ఎండలు వస్తే ఆయన గుర్తొస్తారు. దీనికి జవాబు అక్కర్లేదు."

చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. నేనే అక్కర్లేదన్నాను గనక అడిగే హక్కు లేదు, అయినా గంటకోసారి ఫోను చూసుకున్నాను. మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు తపాలా మోసే పని అత్తయ్య మీద పడింది. "అన్నం పెట్టమంటున్నాడు" అని ఆవిడ నాతో అనేది, "వచ్చి వడ్డించుకోమంటోంది" అని కొడుకుతో అనేది. ఒక సాయంత్రం నేను ఆవిడ మిషను దగ్గర కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుతూ మామయ్య గురించి ఒకటి చెప్పాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి రాత్రి డ్యూటీ పడితే, మామయ్య గేటు దాకా దిగబెట్టి, ఇంటికి వెళ్తున్నానని చెప్పి, తెల్లారేదాకా వాచ్‌మన్ గదిలో కూర్చున్నారు. పొద్దున ఏమీ ఎరగనట్టు అప్పుడే వచ్చినట్టు నటించారు.

"నాతో స్నేహితుడి ఇంటికి వెళ్లానన్నాడు," అంది అత్తయ్య. "అబద్ధాలకోరు మనిషి." మిషను మళ్లీ తొక్కడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది.

ప్లాంటులో మాత్రం విచారణ రోజు దగ్గరయ్యే కొద్దీ నేను నడిచే దారిలో మనుషులు పక్కకి తప్పుకునేవారు. ఇంజినీరు పిలిచి, "సంతాపం పేరుతో సాక్షిని మెత్తబరచాలని చూస్తున్నావట" అన్నాడు. ఎవరి ద్వారానో ఆయన చెవిన పడింది. ఒక్క వాక్యం చెరిపినందుకు ఇంట్లో అలక, చెరిపి పంపినందుకు బయట తిట్లు. నాకు ఒళ్లు మండి, "అవునండీ, సాక్షి వెన్నముద్ద మరి" అనేసి వచ్చాను.

ముల్లు సెలవు అయ్యి వచ్చిన రోజు తిన్నగా ల్యాబ్‌కే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. తలుపు తోసిన తోపుకి బీకర్లు గలగలమన్నాయి.

"ఎవరడిగారు నిన్ను? మా నాన్న గురించి నాకు చెప్పమని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"నువ్వు అల్లావనుకున్నాను. విచారణ ఉందిగా, మెత్తగా నాలుగు ముక్కలు రాసి పారేశావనుకున్నాను. తర్వాత అలమార సర్దుతుంటే సీసా దొరికింది. ఎర్ర దారంతో." ఆయన నా స్టూలుని కాలితో పక్కకి నెట్టాడు. "పాత మందు సీసా అనుకుని మా ఆవిడ పారేయబోయింది."

నేను స్టూలుని మళ్లీ బల్ల దగ్గరికి లాక్కున్నాను.

"ఆ జ్వరం మాట ఎప్పుడన్నాడు?"

"ఆఖరిసారి వచ్చినప్పుడు."

"అదే, ఎప్పుడు? కిందటేడా?"

"ఈ ఏడే." ఇంక దాచడం కూడా అబద్ధమే అవుతుందనిపించింది. "వీధుల్లో గోల మొదలైన వారం."

ఆయన ముఖంలో ఏదో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు గొట్టాలతో కాపురం చేసిన మనిషికి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

"మా ఇంటి కొళాయివేనా?"

"ఆయన అట్లాగే అన్నారు."

"రంగు తిరిగిందా?"

"తిరిగింది."

"నువ్వు తాగావా?"

"తాగాను. ఆయనా తాగారు."

"మరి ఇది ఎందుకు రాయలేదు?" ఆయన బల్ల మీద చరిచాడు. "ఇంత రాసినదానివి ఇది ఎందుకు రాయలేదు?"

"నేను రాసింది మీ నాన్న గురించి. నా కేసు గురించి కాదు!" నా గొంతు కూడా లేచింది. "పోయిన మనిషిని నా పక్కన సాక్షిగా నిలబెట్టుకోడానికి మనసొప్పలేదు. చాలా? ఇంక వెళ్లండి, నాకు పనుంది."

వెళ్లాడు. తలుపు మళ్లీ అంత గట్టిగానే వేశాడు.

విచారణ మీటింగు గదిలో జరిగింది. ఫ్యాను తిరిగినా గాలి రాని గది అది. విచారణ అధికారిణి ముందు ఇంజినీరు ఫైలు చదివాడు. ముల్లుని పిలిచారు. ఆయన నా వైపు చూడకుండా నిలబడ్డాడు.

"ఫిర్యాదు నేనే చేశాను," అన్నాడు. "ఈవిడంటే నాకు పడదు, అది అందరికీ తెలుసు. కానీ ఒకటి రాసుకోండి. ఆ వారం మా ఇంటి కొళాయి నీళ్లు మా నాన్న ఈవిడ దగ్గరికి తెచ్చాడు. క్లోరిన్ ఉందట. మాది లైనుకి ఆఖరి ఇల్లు. అక్కడ ఉందంటే ఇక్కడ కలిపినట్టే. తేడా మధ్యలో ఎక్కడో ఉంది, పల్లపు వీధుల దగ్గర తవ్వి చూడాలి."

"మీ నాన్నగారు తెచ్చారనడానికి రుజువు?" అంది అధికారిణి.

"లేదు. ఆయన లేడు."

"మరి ఈవిడ మాట ఎలా నమ్మమంటారు?"

"మా నాన్న గురించి ఈవిడ ఇంకా కొన్ని చెప్పింది. అవి నిజం. అవి కల్పించడం ఎవరి వల్లా కాదు. అవేమిటో నేను ఇక్కడ చెప్పను."

తవ్వారు. పల్లపు వీధి మలుపులో మురుగుకాలువ కిందుగా వెళ్లే గొట్టం అతుకు దగ్గర పగిలి ఉంది. నీళ్లు వదలని రోజున గొట్టంలో ఒత్తిడి లేక మురుగు లోపలికి లాక్కునేది, వదిలిన రోజున అదే ముందుగా ఆ వీధుల ఇళ్లలోకి పోయేది, లైను చివరికి చేరేసరికి వెనకాల వచ్చే మంచినీళ్లే మిగిలేవి. నా మెమో వెనక్కి తీసుకున్నారు. మా ఆయన ఆ సాయంత్రం బజారు నుంచి మిషను నూనె డబ్బా తెచ్చి అత్తయ్య ముందు పెట్టి, "మిషను ఇక్కడే ఉంటుందటలే" అన్నాడు. తర్వాత నాతో, "కాసిని టీ ఇస్తావా" అన్నాడు. నేరుగానే అడిగాడు.

ముల్లుకి నేను కృతజ్ఞతలు చెప్పబోతే వరండాలోనే తుంచేశాడు. "నీ కోసం చెప్పలేదు. మన మధ్య ఏమీ మారలేదు."

"మారాలని నేనూ అడగలేదు," అన్నాను.

నిజంగానే మారలేదు. మర్నాడే పటిక డబ్బాలు అడ్డంగా పెట్టారని ఫిల్టరు బెడ్ల దగ్గర మా ఇద్దరికీ పెద్ద గొడవైంది.

మొదటి వాన పడి నేల చల్లబడ్డాక ఒక పొద్దున బల్ల మీద ఏదో ఠపీమని చప్పుడైంది. తలెత్తాను. గాజు సీసా, మెడకి ఎర్ర దారం. దారం పాతదే. ఎదురుగా ముల్లు. నీళ్లు గొట్టంలో పోసి చుక్కలు వేశాను. ఆయన గొట్టం తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. పసుపు తిరిగింది. నేను ఒక గుక్క తాగాను. ఆయన తాగాడు.

వెళ్లబోతూ కిటికీ దగ్గర ఆగి, పంపుహౌసు వైపు చూస్తూ, "ఇంకేమైనా అన్నాడా?" అన్నాడు.

నా దగ్గర ఇంకేమీ లేదు. ఒకటి కల్పించి చెప్పొచ్చు, ఆ క్షణాన ఏది చెప్పినా నమ్మేవాడు.

"లేదు. అంతే."

"సరే," అని సీసా తీసుకుని వెళ్లిపోయాడు.

నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆయన పంపుహౌసులోకి వెళ్లి, పెద్ద మోటారు దగ్గర నిలబడి, చెయ్యి చాచి, సగంలో ఆపి దాని వైపు చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిప్పి మోటారు మీద పెట్టాడు. తీయలేదు. హెల్పరు వచ్చి ఏదో అడిగినా తీయలేదు.

ఆ పూట ఊళ్లోకి నీళ్లు ఆలస్యంగా వెళ్లాయి. ఆలస్యానికి కారణం రిజిస్టరులో ఏం రాశాడో నేను వెళ్లి చూడలేదు.